స్లాబ్ రోజు వీడియో: స్క్రిప్టులో టైమ్‌ల్యాప్స్, స్లో మోషన్ నోట్స్ రాసే పద్ధతి

నిర్మాణ పురోగతి వీడియో స్క్రిప్టుల్లో తరచూ కనబడే లైన్ ఇది: "టైమ్‌ల్యాప్స్ – స్లాబ్ పని. తర్వాత స్లో మోషన్ – కాంక్రీట్." దీన్ని చదివి కెమెరామెన్ ఎన్ని సెకన్లకొక ఫోటో తీయాలి, అంటే ఏ ఇంటర్వెల్ పెట్టాలి? ఎడిటర్ ఎన్ని సెకన్లు వాడాలి? సైట్ ఇంజనీర్ ఎప్పుడు కబురు పెట్టాలి? ముగ్గురికీ జవాబు దొరకదు. ఎవరికి తోచింది వాళ్లు చేస్తారు. మూడూ కలవవు.

ఆ ఒక్క లైన్‌ను పనికొచ్చే నోట్‌గా ఎలా మార్చాలో ఇక్కడ చూద్దాం. ఉదాహరణకు ఒకే రోజు తీసుకుంటున్నాను: ఒక అంతస్తు స్లాబ్ పోసే రోజు. రెండు వేగాలూ నిజంగా అవసరమయ్యే రోజు అదే. మీ టైమ్‌లైన్ సెకనుకు 25 ఫ్రేమ్స్ అనుకుని లెక్కలు వేశాను. 24 అయినా 30 అయినా ఆ అంకె మార్చుకుంటే చాలు.

## 1. రాయడానికి ముందు సైట్ నుంచి తెలుసుకోవాల్సినవి

స్క్రిప్టు రాసే మనిషి కనీసం ఒక్కసారి సైట్ ఇంజనీర్‌తో కూర్చోవాలి. అడగాల్సింది కెమెరా గురించి కాదు, పని గురించి.

- పోత ఎన్నింటికి మొదలవుతుంది, ఎన్ని గంటలు పడుతుంది?
- ఏ మూల నుంచి మొదలై ఏ మూలకు చేరుతుంది?
- పంపు ఎక్కడ నిలబెడతారు? దాని పొడవాటి చేయి, అంటే బూమ్, ఏ వైపు నుంచి వస్తుంది?
- లెవెల్ చేయడం, ఫినిషింగ్ పోత వెంటే నడుస్తాయా, చివర్లో చేస్తారా?
- చీకటి పడ్డాక పని ఉంటుందా? ఉంటే ఏ లైట్ల కింద?
- స్లాబ్ మొత్తం కనబడేలా, బూమ్ తగలని చోట కెమెరా పెట్టే వీలు ఎక్కడుంది?

రెండో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. పోత కెమెరా దగ్గర మొదలై దూరంగా వెళ్తే మనుషులు, పైపులు క్రమంగా ఫ్రేమ్‌లో చిన్నవైపోతారు, చివరికి పని కనబడదు. దూరంగా మొదలై కెమెరా వైపు వస్తే సీక్వెన్స్ దానంతటదే బిగుస్తుంది. ఇంజనీర్ పోత దిశను మన కోసం మార్చరు, మార్చమని అడగకూడదు కూడా. కాబట్టి కెమెరానే ఎదురు మూలకు మార్చేలా నోట్ రాయాలి.

కెమెరా పెట్టే చోటు విషయంలో ఒక హెచ్చరిక. పరంజాకి గానీ, పోస్తున్న స్లాబ్ కింద ఉన్న సెంట్రింగ్‌కి గానీ కెమెరా బిగించొద్దు. వైబ్రేటర్ ఆడినప్పుడల్లా, మనుషులు నడిచినప్పుడల్లా ఫ్రేమ్ కదులుతుంది. పక్క భవనం పిట్టగోడ, లేదా ఇప్పటికే గట్టిపడిన మెట్ల భాగం మంచిది.

## 2. ప్రతి నోట్‌లో రెండు కాలాలు రాయండి

ఈ పద్ధతి మొత్తానికి కీలకం ఇక్కడే ఉంది. ప్రతి టైమ్‌ల్యాప్స్‌కీ, ప్రతి స్లో మోషన్‌కీ రెండు కాలాలుంటాయి: సైట్‌లో గడిచే కాలం, తెర మీద గడిచే కాలం. రెండూ రాస్తే మిగతావన్నీ లెక్కతో వస్తాయి. ఒకటే రాస్తే ఎవరో ఒకరు ఊహించాల్సి వస్తుంది.

టైమ్‌ల్యాప్స్ లెక్క:

```
ఇంటర్వెల్ (సెకన్లు) = సైట్ కాలం (సెకన్లు) ÷ (తెర కాలం (సెకన్లు) × 25)
```

స్లో మోషన్ లెక్క:

```
తెర కాలం = సైట్ కాలం × (తీసిన ఫ్రేమ్ రేటు ÷ 25)
```

మన ఉదాహరణలో పోత ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 3 దాకా, అంటే 8 గంటలు. సెకన్లలో 28,800. స్లాబ్ నిండటానికి తెర మీద 12 సెకన్లు ఇవ్వాలనుకున్నాం. 12 × 25 = 300 ఫ్రేమ్స్. 28,800ని 300తో భాగిస్తే ఇంటర్వెల్ 96 సెకన్లు.

లెక్క తప్పు లేదు. కానీ ఈ అంకెను నేరుగా స్క్రిప్టులో రాసేస్తే షాట్ పాడవుతుంది.

## 3. కన్ను దేన్ని వెంబడించాలో ముందు తేల్చుకోండి

96 సెకన్లకు ఒక ఫ్రేమ్ తీస్తే బూమ్ ప్రతి ఫ్రేమ్‌లో వేరే చోట ఉంటుంది. మనుషులు ఇక్కడ మాయమై అక్కడ ప్రత్యక్షమవుతారు. తెర మీద చూస్తే పని జరుగుతున్నట్టు ఉండదు, చీమల పుట్ట కదిలినట్టు గజిబిజిగా ఉంటుంది.

కొందరు దీనికి తేలికైన విరుగుడు అనుకునేది ఇలా ఉంటుంది: "ముందు 8 సెకన్ల ఇంటర్వెల్‌తో తీద్దాం, తర్వాత ఎడిటింగ్‌లో వేగం పెంచుదాం." 8 సెకన్లకు ఒకటి చొప్పున 8 గంటలకు 3,600 ఫ్రేమ్స్ వస్తాయి. తెర మీద అది 144 సెకన్లు. దాన్ని 12 సెకన్లకు తేవాలంటే 12 రెట్లు వేగం పెంచాలి, అంటే పన్నెండు ఫ్రేమ్స్‌లో ఒక్కటే మిగులుతుంది. 8 × 12 = 96. మొదలుపెట్టిన చోటికే వచ్చాం.

కాబట్టి ఇంటర్వెల్ కన్నా ముందు తేల్చాల్సిన ప్రశ్న ఒకటుంది: ప్రేక్షకుడు చూడాల్సింది కాంక్రీట్ అంచు ముందుకు జరగడమా, మనుషులు పని చేసే తీరా?

కాంక్రీట్ అంచు ముఖ్యమైతే పెద్ద ఇంటర్వెల్ పర్వాలేదు. 8 సెకన్ల ఇంటర్వెల్‌తోనే తీసి, ఎడిటింగ్‌లో పన్నెండేసి ఫ్రేమ్స్‌ను సగటు చేసి ఒకటిగా కలిపితే మనుషులు పొగలా కరిగిపోతారు, స్టీల్ మీద బూడిద రంగు మాత్రం నిదానంగా పాకుతుంది. నోట్‌లో "ఫ్రేమ్ బ్లెండింగ్, మనుషులు మసకగా ఉండటం ఉద్దేశపూర్వకం" అని స్పష్టంగా రాయాలి. లేకపోతే అది లోపమనుకుని ఎడిటర్ సరిచేసేస్తారు.

పని తీరు ముఖ్యమైతే 12 సెకన్లను మూడు ముక్కలు చేయండి. ఒక్కో ముక్క 4 సెకన్లు, అంటే 100 ఫ్రేమ్స్. 8 సెకన్ల ఇంటర్వెల్‌తో అది సైట్‌లో 800 సెకన్లు, అంటే 13 నిమిషాల 20 సెకన్లు. పోత మొదట్లో ఒక ముక్క, సగం నిండాక ఒకటి, చివరి మూల దగ్గర ఒకటి. ముక్క లోపల కదలిక చదవగలిగేలా ఉంటుంది, ముక్కకీ ముక్కకీ మధ్య ఎంత పని అయిందో ఒక్క కట్‌లో తెలిసిపోతుంది.

పురోగతి వీడియోలకు నేను దాదాపు ఎప్పుడూ రెండోదే ఎంచుకుంటాను. యజమాని, పెట్టుబడిదారు చూడాలనుకునేది పని ఎలా సాగుతోందో. ఎనిమిది గంటలనూ ఏకబిగిన చూపించమని ఎవరూ అడగరు, అడిగినట్టు మనం ఊహించుకుంటాం.

మూడు ముక్కలే వాడినా కెమెరాను మాత్రం రోజంతా నడవనివ్వండి. ఏ 13 నిమిషాలు బాగున్నాయో తర్వాత ఏరుకోవచ్చు. ఒక్కో ఫోటో 10 ఎంబీ అనుకుంటే 3,600 ఫోటోలకు 36 జీబీ. కార్డు, బయటి పవర్ బ్యాంక్ ఆ మేరకు ఉన్నాయో లేదో చూసుకోమని నోట్‌లో రాయండి.

## 4. గడియారానికి కాకుండా పనికి ముడి పెట్టండి

"టైమ్‌ల్యాప్స్ 2: ఉదయం 11 గంటలకు" అని రాస్తే దాదాపు ఖాయంగా తప్పుతుంది. కాంక్రీట్ లారీ ఆలస్యమవుతుంది. పైప్‌లైన్ మూసుకుపోతుంది. సరిగ్గా 11కి అందరూ పక్కన కూర్చుని టీ తాగుతుంటారు.

బదులుగా సైట్‌లో కంటికి కనబడే గుర్తు రాయండి: "లిఫ్ట్ గుంత పక్క బీమ్ వరకు కాంక్రీట్ చేరినప్పుడు." ఇలా రాస్తే సైట్ ఇంజనీర్‌కి వెంటనే అర్థమవుతుంది. కెమెరా దగ్గరున్న కుర్రాడికి ఆయనే ఫోన్ చేసి చెప్పగలరు.

ప్రతి నోట్ కింద "కుదరకపోతే" అని ఒక లైన్ కూడా ఉండాలి. వాన వస్తే, పంపు ఆగితే, పోత చీకట్లోకి జరిగితే ఆ షాట్ స్థానంలో ఏం రావాలి? ఈ లైన్ లేకపోతే నిర్ణయం తీసుకోవాల్సింది కంగారులో ఉన్న కెమెరామెన్. ఆయన అప్పటికి దొరికింది తీస్తారు, అందులో ఆయన తప్పేమీ లేదు.

## 5. టైమ్‌ల్యాప్స్ నోట్: కెమెరా వివరాలు ఎంతవరకు రాయాలి

అన్ని సెట్టింగులూ స్క్రిప్టులో అక్కర్లేదు. షాట్ రూపాన్ని మార్చేవి మాత్రం రాయాలి. అవి మూడు.

షట్టర్. పట్టపగలు 1/250 సెకను షట్టర్‌తో తీస్తే ప్రతి ఫ్రేమ్ గడ్డకట్టినట్టు ఉంటుంది, కలిపి ఆడిస్తే కదలిక టకటకలాడుతుంది. ఇంటర్వెల్‌లో సగం సేపు షట్టర్ తెరిచి ఉంచాలనే సూత్రం పాటిస్తే 8 సెకన్లకు 4 సెకన్లు అవుతుంది. అందుకు లెన్స్‌లోకి వచ్చే వెలుగును పదిసార్లు సగానికి తగ్గించే, అంటే పది స్టాప్‌ల ఎన్‌డీ ఫిల్టర్ కావాలి, పైగా మనుషులు పూర్తిగా కరిగిపోతారు. మనకు పని తీరు కనబడాలి కాబట్టి మధ్యేమార్గం: ఆరు స్టాప్‌ల ఎన్‌డీ పెడితే 1/250 కాస్తా 1/4 సెకను అవుతుంది. చేతులు, పారలు కొద్దిగా చెరిగినట్టు ఉంటాయి, మనిషి మనిషిలాగే కనబడతాడు.

ఎక్స్‌పోజర్. ఆటోలో వదిలేస్తే తెల్లని బూమ్ ఫ్రేమ్‌లోకి వచ్చినప్పుడల్లా చిత్రం మసకబారి, పోగానే వెలుగుతుంది. అదే మిణుకు. ఉదయం 7కి మాన్యువల్‌లో పెట్టి అలాగే ఉంచితే పది గంటలకల్లా చిత్రం తెల్లబోతుంది. మూడు ముక్కల పద్ధతిలో దీనికి చక్కటి దారి ఉంది: ప్రతి ముక్కకు ముందు మాన్యువల్‌లో సరిచేసి, ఆ ముక్క అయ్యేవరకు ముట్టుకోకుండా ఉండటం. మధ్యలో ఎన్నిసార్లు మార్చినా నష్టం లేదు, ఆ భాగం వాడం. వైట్ బ్యాలెన్స్ మాత్రం రోజంతా ఒకే దగ్గర, డేలైట్ మీద ఉండాలి.

ఫ్రేమ్. స్లాబ్ మొత్తం, దాని చుట్టూ కదలని గుర్తులు కనీసం రెండు (పక్క భవనం మూల, ఒక స్తంభం) ఫ్రేమ్‌లో ఉండాలి. కెమెరాను ఎవరైనా తగిలినా, లెన్స్ తుడిచేటప్పుడు జరిగినా ఎడిటర్ ఆ గుర్తుల ఆధారంగా సరిచేయగలరు. సరిచేసేటప్పుడు అంచులు కొంత కోతపడతాయి కాబట్టి చుట్టూ కాస్త ఖాళీ వదలమని రాయండి.

నెమ్మదిగా దగ్గరికి వెళ్లే కదలిక కావాలంటే మోటారు రైలు అక్కర్లేదు. ఫోటోలు వెడల్పు 6,000 పిక్సెల్స్ ఉండి, వీడియో 3,840 పిక్సెల్స్ అయితే ఆ తేడాలో ఎడిటింగ్‌లోనే జరపొచ్చు. నోట్‌లో "జూమ్ ఎడిటింగ్‌లో, ఎడమ నుంచి చివరి మూల వైపు" అని రాస్తే కెమెరామెన్ వైడ్‌గా తీస్తారు.

## 6. స్లో మోషన్‌కి ఏది తగుతుంది, ఏది తగదు

స్లో మోషన్ అంటే కంటికి అందని వేగాన్ని అందేలా చేయడం. మామూలుగానే నెమ్మదిగా కదిలేదాన్ని ఇంకా నెమ్మది చేస్తే అది ఆగిపోయినట్టుంటుంది. క్రేన్ స్టీల్ కట్టను ఎత్తడం అందుకే స్లో మోషన్‌లో చచ్చుగా ఉంటుంది. అది మామూలు వేగానికో, టైమ్‌ల్యాప్స్‌కో తగిన పని.

స్లాబ్ రోజున నాలుగు రెట్లు నెమ్మదిగా చూపించదగినవి నిజానికి కొన్నే:

- పంపు గొట్టం నుంచి కాంక్రీట్ స్టీల్ మెష్ మీద పడి, ఊచల సందుల్లోంచి కిందికి దిగడం.
- వైబ్రేటర్ దింపిన చోట కాంక్రీట్ కుంగి, గాలి బుడగలు పైకి రావడం.
- లెవెల్ పట్టీ లాగినప్పుడు ముందు పేరుకున్న కాంక్రీట్ అల దొర్లడం.

రెండోది కాస్త దగ్గరగా చూద్దాం. వైబ్రేటర్ సూది లోపలికి దిగగానే చుట్టూ ఉన్న కాంక్రీట్ గట్టి ముద్దలా ఉన్నది ఒక్కసారిగా పల్చబడినట్టు కుంగుతుంది. కంకర మునుగుతుంది. పైకి బుడగలు వచ్చి పగులుతాయి, ఉపరితలం మీద సిమెంట్ పాలు తేలి మెరుస్తాయి. చూపించాల్సింది ఆ మెరుపే, వైబ్రేటర్ సూది కంపనం కాదు. సూది నిమిషానికి సుమారు 12,000 సార్లు, అంటే సెకనుకు 200 సార్లు కంపిస్తుంది. సెకనుకు 100 ఫ్రేమ్స్‌తో ఆ కంపనం ఎలాగూ పట్టుబడదు. అందుకని నోట్‌లో ఫోకస్ ఎక్కడో చెప్పాలి: "సూదికి అరచేయి దూరంలో ఉన్న ఉపరితలం మీద ఫోకస్, వెలుగు ఎదురు వైపు నుంచి." ఎదురు వెలుగు లేకపోతే తడి మెరుపు కనబడదు, బురదలా ఉంటుంది.

బుడగలు ఎక్కువగా వచ్చేది సూది దిగిన మొదటి క్షణాల్లో. అవి ఆగాక సూది తీసేస్తారు. కాబట్టి సూది దిగకముందే రికార్డింగ్ మొదలవ్వాలని రాయండి.

## 7. స్లో మోషన్ నోట్: లెక్కలు, చిక్కులు

100 ఫ్రేమ్స్‌తో తీసి 25తో ఆడిస్తే సరిగ్గా 4 రెట్లు నెమ్మది. సైట్‌లో ఒకటిన్నర సెకను తెర మీద 6 సెకన్లు. చాలామంది మర్చిపోయేది ఇదే: పది సెకన్ల చర్యను స్లో మోషన్‌లో తీస్తే 40 సెకన్లవుతుంది, అంత ఎవరూ చూడరు. నోట్‌లో చర్య మొత్తం రాయకుండా ఆ ఒకటిన్నర సెకను ఏదో రాయండి: "కాంక్రీట్ మొదటి ముద్ద ఊచలకు తాకిన క్షణం నుంచి, సందుల్లో దిగేవరకు."

వెలుగు విషయం. 25 ఫ్రేమ్స్ నుంచి 100కి వెళ్తే షట్టర్ 1/50 నుంచి 1/200కి మారుతుంది, రెండు స్టాప్‌ల వెలుగు తగ్గుతుంది. పగలు ఇబ్బంది లేదు. సాయంత్రం ఫినిషింగ్ పనికి ఇబ్బందే.

సాయంత్రం ఇంకో చిక్కు కూడా ఉంది. సైట్‌లోని ఫ్లడ్ లైట్లు చాలావరకు కరెంటు తరంగంతో పాటు మినుకుమంటాయి. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట సెకనుకు 100 సార్లు, 60 హెర్ట్జ్ ఉన్నచోట 120 సార్లు. కంటికి తెలియదు గానీ స్లో మోషన్‌లో చిత్రమంతా కొట్టుకుంటుంది. 50 హెర్ట్జ్ చోట 100 ఫ్రేమ్స్, 1/100 షట్టర్ పెడితే సాధారణంగా పోతుంది. అదే చోట 120 ఫ్రేమ్స్ పెడితే తప్పకుండా ఇబ్బంది పెడుతుంది. కొన్ని ఎల్‌ఈడీలు వాటి సొంత లయలో మినుకుతాయి కాబట్టి అక్కడికక్కడే ఐదు సెకన్లు తీసి, ఆడించి చూసుకోమని రాయండి. అందుకే స్లో మోషన్ షాట్లన్నీ పగటి పనుల మీదే పెట్టుకోవడం నా అలవాటు.

కెమెరాలు స్లో మోషన్‌ను రెండు రకాలుగా భద్రపరుస్తాయి. కొన్ని మోడ్‌లలో ఫైల్ అప్పటికే నెమ్మదిగా, శబ్దం లేకుండా వస్తుంది. కొన్నిటిలో 100 ఫ్రేమ్స్ ఫైలే శబ్దంతో వస్తుంది, ఎడిటర్ నెమ్మది చేయాలి. ఏదో నోట్‌లో లేకపోతే ఎడిటర్ ఒకసారి నెమ్మదైనదాన్ని మళ్లీ నెమ్మది చేస్తారు. ఫ్రేమ్స్ సరిపోక చిత్రం ఆగి ఆగి నడుస్తుంది. "ఫైల్ ఇప్పటికే నెమ్మది, వేగం మార్చొద్దు" లేదా "100 ఫ్రేమ్స్ ఫైల్, 25 శాతం" అని రాయండి. అంతే చాలు.

శబ్దం విడిగా రాసుకోవాలి. గొట్టం, వైబ్రేటర్, లెవెల్ పట్టీ – ఒక్కోటి అర నిమిషం పాటు మామూలు వేగంలో రికార్డు చేయమని ఒక లైన్ చాలు.

ఇక భద్రత. పంపు మొదలుపెట్టేటప్పుడు, మూసుకుపోయిన పైపు తెరుచుకునేటప్పుడు గొట్టం చివర ఒక్కసారిగా విసురుగా కొట్టుకునే ప్రమాదం ఉంది. కాంక్రీట్ పడే షాట్ దగ్గరగా కావాలి కదా అని కెమెరామెన్ అక్కడికి పోతారు. అందుకే నోట్‌లో "85 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా పొడవైన లెన్స్, పంపు ఆపరేటర్ చెప్పిన గీత దాటొద్దు" అని ఉండాలి. పోత స్థిరంగా సాగుతున్నప్పుడే తీయాలి, మొదటి నిమిషాల్లో వద్దు.

ఇంకొకటి: నాలుగు రెట్లు నెమ్మది అంటే హెల్మెట్ లేని తల, గ్లవ్స్ లేని చేయి కూడా నాలుగు రెట్లు ఎక్కువసేపు కనబడతాయి. తీసే ముందే ఇంజనీర్ ఫ్రేమ్ చూసి సరే అనాలి. ముఖం దగ్గరగా వస్తే ఆ మనిషిని ముందే అడగాలి.

## 8. రెండు వేగాలను కలపడం

స్క్రిప్టుల్లో "టైమ్‌ల్యాప్స్ నుంచి మెల్లగా స్లో మోషన్‌లోకి దిగాలి" అని రాస్తుంటారు. 8 సెకన్లకు ఒకటి తీసిన ఫోటోల నుంచి 100 ఫ్రేమ్స్ వీడియోలోకి దిగడం కుదరదు. అవి రెండు వేర్వేరు షాట్లు, మధ్యలో ఫ్రేమ్స్ లేవు. నిజంగా అలా దిగాలంటే ఆ షాట్ మొత్తాన్నీ 100 ఫ్రేమ్స్ వీడియోగా తీసి, ముందు భాగాన్ని ఎడిటింగ్‌లో వేగం పెంచాలి. అది నిమిషం, రెండు నిమిషాల చర్యకు బాగుంటుంది, ఎనిమిది గంటలకు పనికిరాదు.

మిగతా చోట్ల మధ్యలో రెండు సెకన్లు మామూలు వేగం పెట్టండి. అది లేకపోతే ప్రేక్షకుడికి స్లో మోషన్ ఎంత నెమ్మదో అంచనా దొరకదు. మామూలు వేగంలో గొట్టం ఊగడం చూసి, తర్వాత అదే గొట్టం నెమ్మదిస్తే తేడా తెలుస్తుంది. స్క్రీన్ మీద గొట్టం ఏ వైపు నుంచి వస్తుందో మూడు షాట్లలోనూ ఒకేలా ఉండాలి.

## 9. పూర్తి నమూనా: 32 సెకన్ల స్లాబ్ సీక్వెన్స్

షాట్ 11 – మామూలు వేగం, 3 సెకన్లు. స్టీల్ కట్టిన ఖాళీ స్లాబ్, వైడ్. తెర మీద తేదీ. షాట్ 12 కెమెరా చోటు నుంచే.

షాట్ 12 – టైమ్‌ల్యాప్స్ 1, 4 సెకన్లు. ఇంటర్వెల్ 8 సెకన్లు, సైట్ కాలం 13 నిమిషాల 20 సెకన్లు. గుర్తు: దూరపు మూలలో కాంక్రీట్ కనబడటం మొదలైనప్పుడు. షట్టర్ 1/4, ఆరు స్టాప్‌ల ఎన్‌డీ. కుదరకపోతే: పోత సాగుతున్న ఏ 14 నిమిషాలైనా, మొదటి పావు భాగం దాటకుండా.

షాట్ 13 – మామూలు వేగం, 2 సెకన్లు. గొట్టం చివర, పట్టుకున్న చేతులు. గొట్టం ఫ్రేమ్‌లోకి కుడి నుంచి.

షాట్ 14 – స్లో మోషన్ 1, 5 సెకన్లు. 100 ఫ్రేమ్స్, షట్టర్ 1/200, సైట్ కాలం 1.25 సెకన్లు. కాంక్రీట్ ముద్ద ఊచలకు తాకి దిగడం. గొట్టం కుడి నుంచి. పొడవైన లెన్స్. వాయిస్ ఓవర్ లేదు, విడిగా తీసిన శబ్దం. కుదరకపోతే: లెవెల్ పట్టీ ముందు అల.

షాట్ 15 – టైమ్‌ల్యాప్స్ 2, 4 సెకన్లు. గుర్తు: లిఫ్ట్ గుంత పక్క బీమ్ దాకా నిండినప్పుడు. మిగతావి షాట్ 12లాగే, ఎక్స్‌పోజర్ కొత్తగా సరిచేయాలి. కుదరకపోతే: పంపు ఆగితే, మళ్లీ నడిచాక ఐదు నిమిషాలకు మొదలయ్యే ముక్క.

షాట్ 16 – స్లో మోషన్ 2, 6 సెకన్లు. 100 ఫ్రేమ్స్, సైట్ కాలం 1.5 సెకన్లు. వైబ్రేటర్ దిగగానే ఉపరితలం కుంగి బుడగలు రావడం. ఎదురు వెలుగు, సూది కాకుండా ఉపరితలం మీద ఫోకస్. మూడు నాలుగు చోట్ల తీయాలి. కుదరకపోతే: ఇదే చర్య మామూలు వేగంలో 3 సెకన్లు, మిగిలిన 3 సెకన్లు షాట్ 18కి.

షాట్ 17 – టైమ్‌ల్యాప్స్ 3, 4 సెకన్లు. గుర్తు: కెమెరా వైపు చివరి మూల నిండేటప్పుడు. ఎడిటింగ్‌లో చిన్న జూమ్. కుదరకపోతే: చీకటి పడితే చివరి వెలుగులోని ముక్క.

షాట్ 18 – మామూలు వేగం, 4 సెకన్లు. పూర్తయిన స్లాబ్, షాట్ 11 ఫ్రేమ్‌లోనే. వాయిస్ ఓవర్: ఏ అంతస్తు, ఎంత విస్తీర్ణం, తర్వాతి పని ఏమిటి.

అంకెలన్నీ షాట్ 18లో పెట్టడానికి కారణం ఉంది. టైమ్‌ల్యాప్స్ నడుస్తుంటే కన్ను దాని వెంట పరుగెడుతుంది, చెవికి అంకెలు ఎక్కవు. మొదటి, చివరి షాట్లు ఒకే ఫ్రేమ్‌లో ఉండటం వల్ల మధ్యలో ఒక టైమ్‌ల్యాప్స్ ఎగిరిపోయినా రోజు పని ఎంతో తెలుస్తుంది.

## 10. నెలల తరబడి తీసే టైమ్‌ల్యాప్స్ ఉంటే

దాని నోట్ వేరుగా రాయండి, స్లాబ్ నోట్‌తో కలపొద్దు. పావుగంటకు ఒకటి, రోజుకు పది గంటలు అంటే రోజుకు 40 ఫ్రేమ్స్. 300 రోజులకు 12,000, తెర మీద 8 నిమిషాలు. అన్నీ వరసగా ఆడిస్తే నీడలు రోజూ ఒకసారి స్లాబ్ మీద ఊడ్చుకుంటూ పోతాయి, చూడటానికి తలనొప్పి. రోజుకు ఒకే ఫ్రేమ్, ఒకే వేళది ఏరితే 300 ఫ్రేమ్స్, 12 సెకన్లు. చాలా వీడియోలకు అది సరిపోతుంది.

ఫ్రేమ్‌లో పూర్తయ్యే భవనం ఎత్తు పట్టాలి. మొదటి రోజు పైన అంతా ఆకాశమే ఉందని కెమెరా దించితే చివరి అంతస్తులు బయటికి పోతాయి.

మధ్యలో మూడు వారాలు కెమెరా ఆగిపోతే డిజాల్వ్‌తో కప్పేయొద్దు. రెండు వైపులా తేదీ వేసి కట్ చేయండి. పురోగతి వీడియోను బిల్లులతో, గడువులతో పోల్చి చూసేవాళ్లుంటారు.

## 11. తరచూ వచ్చే లోపాలు, సరిచేసే దారి

చిత్రం మిణుకుతోంది. టైమ్‌ల్యాప్స్ అయితే ఆటో ఎక్స్‌పోజర్ కారణం. ఎడిటింగ్‌లో డీఫ్లికర్ చాలావరకు సరిచేస్తుంది, పూర్తిగా తెల్లబోయిన ఫ్రేమ్స్‌ను మాత్రం కాదు. స్లో మోషన్ అయితే లైట్లు కారణం. ఆ షాట్ బదులు "కుదరకపోతే" లైన్‌కి వెళ్లడమే మేలు.

లెన్స్ మీద సిమెంట్ చుక్క. పొడి గుడ్డతో రుద్దితే గాజు గీసుకుపోతుంది. ముందు ఒక సాదా ఫిల్టర్ పెట్టించండి. చుక్క పడితే నీళ్లతో తడిపి తీయండి, వీలుకాకపోతే ఫిల్టర్ మార్చేయొచ్చు.

టైమ్‌ల్యాప్స్‌లో ఏమీ కదలడం లేదు. పంపు ఆగిన సమయం దొరికింది. రోజంతా నడిపారు కాబట్టి ముక్కను ముందుకో వెనక్కో జరపండి.

## 12. షూటింగ్ ముందు రోజు, తర్వాత రోజు

ముందు రోజు సాయంత్రం:

- గుర్తులు మూడూ ఇంజనీర్‌కి చదివి వినిపించారా? ఎవరు ఫోన్ చేస్తారో తేలిందా?
- షాట్ 11 ఫ్రేమ్ ఫోటో తీసి, ట్రైపాడ్ కాళ్ల చోట పెయింట్ గుర్తు పెట్టారా?
- ఎన్‌డీ ఫిల్టర్, సాదా ఫిల్టర్, పవర్ బ్యాంక్, ఖాళీ కార్డులు సిద్ధమా?
- కెమెరా గడియారం సరైన సమయం చూపిస్తోందా?
- స్లో మోషన్ ఫైల్ ఏ రకంగా వస్తుందో ఒక చిన్న టెస్ట్ తీసి చూశారా?

షూటింగ్ అయ్యాక అదే నోట్‌లో ప్రతి షాట్ పక్కన నిజంగా తీసిన సమయం, ఫైల్ పేరు రాయాలి. "టైమ్‌ల్యాప్స్ 2: 11:52 నుంచి 12:06, పంపు ఒకసారి ఆగింది, ముందు భాగం వాడండి" అన్నంత చాలు. ఫోల్డర్లకు `SH12_TL1`, `SH14_SM1` లాంటి పేర్లు పెట్టి, ఆ కాగితాన్ని ఫోటో తీసి అదే ఫోల్డర్‌లో వేసి ఎడిటర్‌కి పంపండి.